లిటరేచర్ రివ్యూనా, పెళ్ళి చదివింపులా?

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు పెందుర్తి నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చింది, చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన రెండో చాప్టర్, అంటే తన టాపిక్ మీద ఇదివరకు ఎవరేం రాశారో చెప్పే లిటరేచర్ రివ్యూ. పీహెచ్‌డీలో నాలుగో ఏడు నడుస్తోంది దానికి. టాపిక్ డ్వాక్రా అప్పులూ ఆడవాళ్ళ సాధికారతా, ఫీల్డు భీమిలి వైపు మత్స్యకార పల్లెలు, థీసిస్ తెలుగులోనే రాయనిచ్చారు. చాప్టర్ మొదటి పేజీ పైన వాళ్ళ గైడ్ ఎర్ర పెన్నుతో ఒక ముక్క రాసి తిప్పి పంపించారు: "వాక్యాలన్నీ ఒకేలా ఉన్నాయి, ఫ్లో లేదు, సరిచేయండి." అంతే. ఎలా సరిచేయాలో మాత్రం లేదు, అది ఏ గైడూ రాయరనుకోండి.

"అక్కా, నీది అయిపోయింది కదా, కొంచెం భాష సరిచేసి పెట్టవా" అంది. భాష సరిచేయడం అంటే నాకూ సరదానే, టీ పెట్టుకుని కూర్చున్నాను. పెన్సిలుతో "పేర్కొన్నారు" అన్న మాట దగ్గరల్లా గీత పెట్టుకుంటూ పోయాను. 14 పేజీల్లో 53 గీతలు. అది చెప్తే నవ్వేసి, "ద్వారకానగర్‌లో డీటీపీ అతను కూడా అన్నాడక్కా, ఆ పదానికి షార్ట్‌కట్ పెట్టేసుకున్నాడంట, పి కొట్టి స్పేస్ కొడితే మొత్తం మాట వచ్చేస్తుందంట" అంది.

నాకు నా రోజులు గుర్తొచ్చాయి. నా రివ్యూ చాప్టర్ చదివిన ఒక పెద్దాయన అప్పట్లో, "అమ్మా, పెళ్ళిలో మైకు దగ్గర కూర్చుని చదివింపులు చదువుతారు చూడు, ఫలానా వారు 516 రూపాయలు, ఫలానా వారు స్టీలు బిందె, అలా ఉంది నీ చాప్టర్, పెళ్ళికొడుకెవరో మాత్రం తెలీట్లేదు" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది గానీ ఇప్పటిదాకా రివ్యూ చాప్టర్ గురించి నేను విన్న మాటల్లో అంత సరైనది ఇంకోటి లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంతా ఒక్క పేరాతోనే గడిచిపోయింది మా ఇద్దరికీ. ఆ ఒక్క పేరా మీద కూర్చున్నాక నాకు గట్టిగా కుదిరిపోయిన అభిప్రాయం ఏంటంటే, వాక్యాలు ఒకేలా ఉండటం భాష జబ్బు కాదు. జ్వరం లాంటిది అది, జబ్బు ఎక్కడో లోపల ఉంటుంది. జ్వరానికి మాత్ర వేస్తే ఏమవుతుందో కూడా మా చెల్లి కాగితాల్లోనే కనబడింది, అది తర్వాత చెప్తాను.

ముందు ఆ పేరా చూడండి, ఉన్నదున్నట్టు:

"హషేమీ, షూలర్, రైలీ (1996) బంగ్లాదేశ్‌లో అప్పు తీసుకున్న మహిళల సాధికారత పెరిగిందని పేర్కొన్నారు. గోట్జ్, సేన్ గుప్తా (1996) మహిళల పేరున తీసుకున్న అప్పులపై అజమాయిషీ చాలావరకు పురుషులదేనని పేర్కొన్నారు. కబీర్ (2001) మహిళా సాధికారతపై అధ్యయనాలు భిన్న నిర్ణయాలకు వచ్చాయని పేర్కొన్నారు. గరికిపాటి (2008) కుటుంబానికి మేలు జరిగినా మహిళ సాధికారత పెరగలేదని పేర్కొన్నారు. బెనర్జీ తదితరులు (2015) హైదరాబాదులో సూక్ష్మరుణాల వల్ల మహిళల సాధికారతలో మార్పు లేదని పేర్కొన్నారు."

తప్పేమీ లేదు కదా, ప్రతి వాక్యం విడిగా చూస్తే నిజమే. కానీ చదివినవాడికి ఏం తెలిసింది? ఒకరు పెరిగిందన్నారు, ఒకరు అజమాయిషీ మగాళ్ళదన్నారు, ఇద్దరు లేదన్నారు, ఇంకొకరు గొడవ ఉందన్నారు. ఓట్లు లెక్కపెట్టుకోవాలా మనం?

పదాలు మారిస్తే ఏమైంది

గైడు గారి ఎర్ర పెన్ను చూసి మా చెల్లి చేతులు ముడుచుకుని కూర్చోలేదు పాపం, నా దగ్గరికి వచ్చేముందే ఒకసారి సరిచేసింది, ఆ రెండో వెర్షన్ కూడా బ్యాగులో ఉంది. ఫ్రెండెవరో ఒక లిస్టు ఇచ్చిందంట, "పేర్కొన్నారు"కి బదులు వాడదగ్గ పాతిక క్రియలు, వాక్యం మొదట్లో పెట్టదగ్గ పదిహేను అతుకు మాటలు. ఆ లిస్టు ఇప్పటికి ఎన్ని హాస్టల్ గదులు తిరిగిందో దేవుడికే తెలియాలి. దాంతో తయారైంది ఇది:

"హషేమీ, షూలర్, రైలీ (1996) అప్పు తీసుకున్న మహిళల సాధికారత పెరిగిందని నిరూపించారు. అదేవిధంగా గోట్జ్, సేన్ గుప్తా (1996) అప్పులపై అజమాయిషీ చాలావరకు పురుషులదేనని వెల్లడించారు. అంతేకాకుండా కబీర్ (2001) మహిళా స్వావలంబనపై అధ్యయనాలు భిన్న నిర్ణయాలకు వచ్చాయని ఉద్ఘాటించారు. ఆయన అభిప్రాయం గమనించదగ్గది. మరోవైపు గరికిపాటి (2008) కుటుంబానికి మేలు జరిగినా స్త్రీ స్వేచ్ఛ పెరగలేదని అభిప్రాయపడ్డారు. ఇదిలా ఉండగా బెనర్జీ తదితరులు (2015)..."

పైకి చదవడానికి ఇదే బావున్నట్టు ఉంటుంది, చెవికి ఒకే దరువు పడదు. కానీ మొదటి వెర్షన్ బోరు మాత్రమే, ఇది తప్పు. ఎందుకంటే "అదేవిధంగా" అనేది ఖాళీ మాట కాదండీ, ముందు చెప్పినదానికి ఇది తోడు అని మీరు హామీ ఇస్తున్నట్టు. ఒకరు సాధికారత పెరిగిందంటే ఇంకొకరు డబ్బు మగాళ్ళ చేతిలోకి పోయిందంటున్నారు, మధ్యలో "అదేవిధంగా"! సబ్జెక్టు తెలిసిన ఎగ్జామినర్ అక్కడ ఆగిపోతాడు, ఆగి, ఈ అమ్మాయి ఈ రెండు పేపర్లూ చదవలేదు అనుకుంటాడు. మొదటి వెర్షన్‌కి అలా అనుకునే వీలు లేదు, అది ఏమీ చెప్పలేదు కాబట్టి.

క్రియలదీ అదే కథ. "నిరూపించారు" అంటే వాళ్ళు చెప్పింది నిజమేనని మీరూ సంతకం పెట్టినట్టు. సంతకం పెట్టేసి తర్వాతి వాక్యంలో దానికి ఎదురు ఫలితం చెప్తే మీ మాటకి మీరే అడ్డం తిరిగారు. గరికిపాటి ఊళ్ళు తిరిగి సర్వే చేసి తేల్చినదానికి "అభిప్రాయపడ్డారు" అంటే ఆవిడ పనిని అరుగు మీద కబురు చేసేశారు. "ఉద్ఘాటించారు" అయితే మరీ, ఎన్నికల సభలో లీడరు మైకు పట్టుకున్నట్టు ఉంది. "ఇదిలా ఉండగా" అన్నది పేపర్ వాళ్ళ మాట, రెండు సంబంధం లేని వార్తల్ని ఒకే కాలంలో ఇరికించడానికి వాడేది, దాన్ని తెచ్చి రివ్యూలో పెడితే ఈ రెంటికీ సంబంధం నాకు తెలీదు అని ఒప్పుకున్నట్టే.

ఇవన్నీ ఒక ఎత్తు, "సాధికారత"ని ఒక వాక్యంలో "స్వావలంబన", ఇంకో వాక్యంలో "స్వేచ్ఛ" చేసేయడం ఒక ఎత్తు. దీని దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. స్కూల్లో ఒకే మాట రెండుసార్లు రాయకూడదని చెప్పి చెడగొట్టారు మనల్ని. ఈ రంగంలో అవి మూడు వేరువేరు సంగతులు. తన కాళ్ళ మీద తను నిలబడి సంపాదించుకునే ఆడమనిషికి ఇంట్లో నిర్ణయాల్లో నోరు లేకపోవచ్చు, మన ఇళ్ళల్లో చూడట్లేదా. పేపర్లు వాదించుకుంటున్నదే ఆ మాట మీద అయినప్పుడు ఆ మాటని అందం కోసం మార్చకూడదు. కాబట్టి మార్చాల్సిన రిపిటీషన్ ఒకటుంది, ముట్టుకోకూడని రిపిటీషన్ ఇంకొకటుంది. వాక్యం ఆకారం తిరిగి తిరిగి వస్తే మార్చండి. కీలకమైన మాట యాభైసార్లు వచ్చినా అలాగే ఉంచండి.

ఇంకో చిన్న సంగతి. "ఆయన అభిప్రాయం గమనించదగ్గది" అని రాసింది చూశారా, కబీర్ గురించి? నైలా కబీర్ ఆడమనిషి. "అదేంటే, ఆవిడ కదా" అన్నాను. మొహం ఎర్రబడింది. కబీరు దాసు గుర్తొచ్చాడంట. కాసేపాగి, "అబ్‌స్ట్రాక్టే చదివాను అక్కా" అంది. జబ్బు ఎక్కడుందో అప్పుడు దొరికింది.

తెలుగు వాక్యంతో ఉన్న చిక్కు

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను, ఇంగ్లీషులో థీసిస్ రాసేవాళ్ళకీ ఇదే గోల ఉన్నా మనకి కొంచెం ఎక్కువ ఎందుకంటే తెలుగులో క్రియ చివర వస్తుంది. పేరు ముందు, "అని పేర్కొన్నారు" చివర, అసలు కనుక్కున్న సంగతి మధ్యలో "అని"కి చిక్కుకుని ఉంటుంది. చదివేవాడి చెవి వాక్యం చివర ఆగుతుంది, అక్కడ ప్రతిసారీ వాడికి దొరికేది ఎవరో ఏదో అన్నారు అన్న వార్త మాత్రమే. పెరిగిందా లేదా అన్నది నోట్లో సగం నమిలిన మాటలా పోతుంది.

దీనికి మందు సింపుల్, పేరుని బ్రాకెట్లోకి తోసేయడం. "సాధికారత పెరిగింది (హషేమీ తదితరులు 1996)" అంటే వాక్యం "పెరిగింది" మీద ఆగుతుంది. ఈ తేడాకి పేరు కూడా ఉంది, పరిశోధనా రచన మీద పనిచేసిన జాన్ స్వేల్స్ 1990లో వచ్చిన తన పుస్తకంలో పేరు వాక్యంలో భాగమైన సైటేషన్ ఒక రకం, పేరు బ్రాకెట్లో ఉండిపోయేది ఇంకో రకం అని విడదీశాడు. మొదటిది మనిషిని ముందు పెడుతుంది, రెండోది సంగతిని. మరి ఎప్పుడు ఏది? నేను పాటించేది ఇది: లెక్క తీసి చెప్పిన ఫలితం అయితే పేరు బ్రాకెట్లోకి, ఒక మనిషి నిలబడి చేసిన వాదన అయితే పేరు వాక్యంలోకి. మా చెల్లి ఐదుగురిలో వాదన చేసింది కబీర్ ఒక్కరే, మిగతా నలుగురివీ ప్రధానంగా ఫలితాలు.

కానీ ఇది కూడా ఒక మాత్రే, అన్నీ బ్రాకెట్లోకి తోసేసి ఇక ఫ్లో వచ్చేసిందనుకుంటే మళ్ళీ అదే, చదివింపుల్లో పేర్లు మానేసి 516, స్టీలు బిందె, 1116 అని చదివినట్టు ఉంటుంది.

అతుకు రాయడానికి ముందు

అప్పుడేం చేశామంటే చాప్టర్ పక్కన పడేసి, పాత క్యాలెండరు వెనక వైపు ఐదు చీటీలు కత్తిరించాం. ఒక్కో చీటీ మీద పేపర్ పేరు, వాళ్ళు ఏం చూశారు, ఏం దొరికింది, అంతే. "ఏం దొరికింది" అన్నది దానికి నోటికొచ్చు. "ఏం చూశారు" అన్న గడి దగ్గరే పెన్ను ఆగింది. లాప్‌టాప్‌లో పీడీఎఫ్‌లు తీసి మళ్ళీ చదవాల్సి వచ్చింది, మధ్యలో భోజనం కూడా అయ్యింది.

హషేమీ వాళ్ళు బంగ్లాదేశ్ పల్లెల్లో అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు, బ్రాక్ అనే సంస్థల సభ్యుల్ని ఎనిమిది కొలమానాలతో చూశారు. ఒంటరిగా బయటికి వెళ్ళగలుగుతోందా, చిన్నా పెద్దా వస్తువులు కొనగలుగుతోందా, ఇంట్లో పెద్ద నిర్ణయాల్లో మాట ఉందా, ఇలాంటివి. గోట్జ్, సేన్ గుప్తా అవేవీ కాదు, అప్పు డబ్బు చేతికొచ్చాక దాన్ని ఎవరు నడుపుతున్నారని చూశారు. పూర్తిగానో చెప్పుకోదగ్గంతగానో ఆడవాళ్ళ అజమాయిషీలో ఉన్న అప్పులు 37 శాతం మాత్రమే అని తేలింది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టాక చెల్లి తనంతట తనే అంది, "అయితే వీళ్ళు ఒకే ప్రశ్న అడగలేదన్నమాట." అదే అతుకు! దానికి "అదేవిధంగా" అక్కర్లేదు, "దీనికి భిన్నంగా" కూడా సగమే నిజం.

మూడో చీటీ కబీర్. ఈ పేపర్ సరిగ్గా ఆ గొడవ మీదే రాసింది. ఒకే దేశంలో ఒకే రకం అప్పుల మీద అధ్యయనాలు ఇంత ఎదురుబొదురుగా ఎందుకున్నాయంటే పద్ధతుల్లో, కాలంలో తేడాలు ఉన్నా అసలు మూలం అది కాదు, ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య అధికారం అంటే ఏంటన్న అవగాహనే వాళ్ళకి వేరువేరు అంటుంది ఆవిడ, తర్వాత అప్పు తీసుకున్న ఆడవాళ్ళ సొంత మాటల్ని ఆధారంగా తీసుకుంటుంది. అంటే ఈ పేపర్ మిగతా వాటి పక్కన ఇంకో వరసగా నిలబడేది కాదు, మిగతా రెంటి మీద కూర్చునేది. మా చెల్లి దాన్ని "అధ్యయనాలు భిన్న నిర్ణయాలకు వచ్చాయని పేర్కొన్నారు" అని ఒక వాక్యంలో తేల్చేసింది. ఇంటి తాళంచెవిని తీసుకెళ్ళి షోకేసులో పెట్టినట్టు.

గరికిపాటి చీటీ దగ్గర ఇంకో తమాషా. ఆవిడది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పొదుపు సంఘాల మీద చేసిన పని. అప్పు వల్ల కుటుంబం ఒడిదుడుకులకి తట్టుకునే శక్తి పెరిగింది గానీ, ఆ డబ్బు ఇంటి ఆస్తులకీ ఆదాయానికీ మళ్ళిపోయి, ఆ ఆస్తిలో భార్యకి సమానంగా హక్కు లేకపోవడం వల్ల ఆమె సాధికారత పెరగలేదు. ఇది చదువుతుంటే చెల్లి హఠాత్తుగా ఫీల్డ్ నోట్‌బుక్ తీసింది. భీమిలి దగ్గర చేపలమ్మే ఒకావిడ దానితో అన్న మాట, "లోను నా పేరు మీదే, వల ఆయనది, కట్టేది మాత్రం నానే." నోట్‌బుక్‌లో ఆ మాట కింద ఏ గీతా లేదు, అప్పుడు దాని విలువ తెలీలేదు కాబట్టి. వల ఆయనది అంటే ఆస్తి ఆయనది, అంటే గరికిపాటి చెప్పింది సముద్రం ఒడ్డున వినబడుతోంది. రివ్యూ అంటే పాత పేపర్ల లిస్టు అనుకుంటే ఈ మాట ఎప్పటికీ నాలుగో చాప్టర్లోనే పడుంటుంది, ఆ సంబంధం దొరికాక చెల్లికి తన థీసిస్ ప్రశ్నే ఇంకాస్త పదునుగా కనబడింది. అప్పు ఎవరి పేరు మీద అన్నది కాదు, పడవా వలా ఎవరి పేరు మీద అన్నది.

కొత్త పేరా ఇదీ

సాయంత్రానికి తయారైంది ఇలా ఉంది. భాష కొంచెం నాది, మాటలు దానివి:

"మహిళలకిచ్చే అప్పు ఇంట్లో వాళ్ళ స్థానాన్ని మారుస్తుందా అన్న ప్రశ్నకి 1996లోనే బంగ్లాదేశ్ నుంచి రెండు పొసగని జవాబులు వచ్చాయి. రాకపోకలు, కొనుగోళ్ళు, ఇంటి నిర్ణయాలు వంటి ఎనిమిది కొలమానాలతో చూసినప్పుడు అప్పు పథకాల సభ్యుల సాధికారత పెరిగింది (హషేమీ తదితరులు 1996). అప్పు డబ్బును ఎవరు నడుపుతున్నారని చూసినప్పుడు మాత్రం, మహిళ అజమాయిషీ చెప్పుకోదగ్గంతగా నిలిచినవి 37 శాతమే (గోట్జ్, సేన్ గుప్తా 1996). ఈ వైరుధ్యానికి అసలు మూలం పద్ధతుల్లో కాదు, ఇంట్లో అధికారం అంటే ఏమిటన్న అవగాహనలో ఉందని కబీర్ (2001) వాదించారు. ఆ అధికారాన్ని అప్పు దగ్గర కాక ఆస్తి దగ్గర వెతికితే ఏం కనబడుతుందో ఆంధ్రప్రదేశ్ పల్లెలు చూపిస్తాయి: సంఘం అప్పు కుటుంబాన్ని నిలబెట్టింది, కానీ దాంతో సమకూరిన ఆస్తిలో హక్కు లేని భార్య సాధికారత పెరగలేదు (గరికిపాటి 2008)."

ఇందులో అతుకు మాటలు ఎన్నున్నాయో చూడండి, ఒక "మాత్రం", ఒక "కానీ". అయినా ఎక్కడా తెగినట్టు ఉండదు. ఎందుకంటే ప్రతి వాక్యం ముందు వాక్యం వదిలిన చివరని పట్టుకుని మొదలవుతోంది. "రెండు జవాబులు" అన్నాక ఆ రెండూ వచ్చాయి, రెండూ వచ్చాక "ఈ వైరుధ్యానికి", "అధికారం" అన్నాక "ఆ అధికారాన్ని". మన బామ్మలు కథ చెప్పేటప్పుడు "రాజు అడివికెళ్ళాడు, అడివికెళితే అక్కడో పులి, ఆ పులి ఏం చేసిందీ" అంటారే, అచ్చం అదే టెక్నిక్కు. తెలిసినదాంతో మొదలెట్టి తెలియనిదాంతో ఆపడం.

అందులో ఒక జాగ్రత్త ఉంది, "ఇది" అని వదిలేయకూడదు. "ఇది కబీర్ వివరించారు" అంటే ఏది? 37 శాతమా, మగాళ్ళ అజమాయిషీనా, మొత్తం గొడవా? "ఈ వైరుధ్యం" అని పేరు పెట్టి పిలిస్తే, ముందు రెండు వాక్యాల్ని మీరు ఏమని అర్థం చేసుకున్నారో కూడా ఆ ఒక్క మాటలో చెప్పేసినట్టు. పేరు పెట్టడానికి మాట దొరకట్లేదంటే సంబంధం ఇంకా దొరకలేదని అర్థం, మళ్ళీ చీటీల దగ్గరికి పోవడమే.

అతుకు ఉందో లేదో తెలుసుకోడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. పేరాలో రెండు వాక్యాల్ని అటూ ఇటూ మార్చి చదువుతాను. ఏమీ తేడా రాకపోతే అక్కడ అతుకు లేనట్టే, మధ్యలో ఎన్ని "అంతేకాకుండా"లు ఉన్నా సరే. పాత పేరాలో ఐదు వాక్యాల్నీ పేకముక్కల్లా కలిపి పంచినా ఏమీ కాదు. కొత్తదాంట్లో కబీర్ని మొదటికి తెచ్చి చూడండి, "ఈ వైరుధ్యానికి" అన్న మాట గాల్లో వేలాడుతుంది.

అతకకూడని చోటు

ఐదో చీటీ, బెనర్జీ, డుఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్ రాసింది, మిగిలిపోయింది కదా. చెల్లి ఉత్సాహంలో ఉంది, "గరికిపాటి కూడా లేదంది, వీళ్ళూ లేదన్నారు, 'ఇదే ఫలితం హైదరాబాదులోనూ' అని కలిపేద్దాం" అంది. వాక్యం నున్నగానే వస్తుంది. నాకు మాత్రం అనుమానమేసింది.

ఎందుకంటే అది వేరే జాతి పని. హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, వాటిలో 52ని లాటరీ వేసినట్టు ఎంచి, అక్కడ మాత్రమే ముందుగా ఒక ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థ బ్రాంచీలు తెరిపించి, 15 నుంచి 18 నెలల తర్వాత రెండు రకాల బస్తీల్నీ పోల్చారు. సంఘంలో చేరేవాళ్ళే మొదట్నుంచీ చొరవ ఉన్నవాళ్ళేమో, అప్పు వల్ల కాదేమో అన్న అనుమానం పాత పద్ధతి అధ్యయనాల్ని ఎప్పుడూ వెంటాడుతుంది, లాటరీ దాన్ని తీసేస్తుంది. అది దాని బలం. కానీ అది నగరం, అది కంపెనీ అప్పు. డ్వాక్రాలో ముందు పొదుపు, తర్వాత బ్యాంకు లింకేజీ, నెలనెలా మీటింగు. ఏడాదిన్నరలో మార్పు కనబడలేదంటే ఎప్పటికీ రాదనీ కాదు. "ఇదే ఫలితం" అని కలిపేస్తే ఇవన్నీ ఆ నున్నటి వాక్యం కింద కప్పబడిపోతాయి.

అందుకని కొత్త పేరా మొదలుపెట్టి, మొదటి వాక్యంలోనే తేడా చెప్పించాను: "పై అధ్యయనాల్లో సంఘంలో చేరినవాళ్ళు ముందునుంచే చొరవ గలవాళ్ళేమో అన్న అనుమానం పూర్తిగా పోదు." తర్వాత లాటరీ, తర్వాత ఫలితం, చివర "ఇది నగరంలో ప్రైవేటు సంస్థ ఇచ్చిన అప్పు కాబట్టి పొదుపుతో మొదలయ్యే సంఘాలకి నేరుగా వర్తించదు" అని. ఫ్లో లేదని ఎవరైనా అంటే అననీ, నిజంగా గండి ఉన్నచోట గండి కనబడాలి.

నాకున్న అనుమానాలు

ఇంత గట్టిగా చెప్తున్నా నాకు తేలని సంగతులు ఉన్నాయి. పేర్లు బ్రాకెట్లోకి పోతే కొందరు గైడ్లకి నచ్చదు, "ఎవరెవర్ని చదివావో కనబడాలి కదమ్మా" అంటారు, వైవాకొచ్చే ఎగ్జామినర్ కూడా తన పేరు వాక్యంలో ఉందా బ్రాకెట్లో ఉందా చూసుకునే రకం అయితే ఇక చెప్పక్కర్లేదు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. మా చెల్లికి మాత్రం, ఎవరి వాదన మీద నీ థీసిస్ నిలబడుతుందో వాళ్ళ పేరు వాక్యంలో పెట్టు, మిగతావాళ్ళు కోప్పడితే ఆ ఒక్క చోట మార్చు అన్నాను, అది న్యాయం కాదు సర్దుబాటు.

ఇంకోటి, సంవత్సరాల వరసలో రాయడం తప్పు అని ఈ మధ్య వర్క్‌షాపుల్లో బాగా చెప్తున్నారు. నేను ఒప్పుకోను. పైన మేం రాసిన పేరా సంవత్సరాల వరసలోనే ఉంది, 1996 నుంచి 2008 దాకా. అక్కడ నిజంగానే ఒకరి మాటకి ఒకరు జవాబు చెప్పుకున్నారు కాబట్టి వరస పనిచేసింది. జవాబు చెప్పుకోని పేపర్లని వరసలో పెడితే అది క్యాలెండరు.

మూడోది సమయం. ఐదు పేపర్లకి ఒక ఆదివారం పోయింది. దాని చాప్టర్లో దాదాపు తొంభై ఉన్నాయి. అన్నింటికీ ఇలా చేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నడుం లాంటి పేరాలు ఐదారు ఉంటాయి, థీసిస్ ప్రశ్న ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పేవి, వాటికి చీటీలు కత్తిరించమన్నాను. మిగతాచోట్ల నలుగురు ఒకే సంగతి చెప్పి ఉంటే నాలుగు వాక్యాలు ఎందుకు, ఒకే వాక్యం రాసి నలుగురినీ ఒకే బ్రాకెట్లో కూర్చోబెట్టమన్నాను. 14 పేజీలు తొమ్మిదయ్యాయి. దానికదే కొంచెం భయం, తక్కువైందంటారేమో అని.

గురువారం ఫోన్ చేసింది. చాప్టర్ ఇంకా గైడ్ టేబుల్ మీదే ఉందంట, ఏమీ చెప్పలేదంట. డీటీపీ అతను మాత్రం టైప్ చేసి ఇస్తూ అడిగాడంట, "మేడమ్, ఈసారి 'ఈ వైరుధ్యం' అన్నది తెగ వస్తోంది, దానికి షార్ట్‌కట్ పెట్టేసుకోనా?"

ఎన్నిసార్లొచ్చిందే అనడిగాను. పదకొండు అంది.